ఒక్కరోజు ఆయుష్షు

సూది డాక్టరు నిజానికి డాక్టరు కాదు. ఎదకొచ్చిన పశువులకు కృత్రిమ గర్భధారణ సూది వేయడంలో శిక్షణ పొందినవాడు, అంతే. అయినా చుట్టుపక్కల పాడి రైతులందరూ అతణ్ణి ఆ పేరుతోనే పిలిచేవారు. అతనికీ ఆ పిలుపు వినసొంపుగానే ఉండేది. మోటారుసైకిలు వెనక నైట్రోజన్ క్యాను కట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని కొట్టం ముందు దిగితే చాలు, చేతిలో పని వదిలేసి ఎదురొచ్చేవాళ్లు. పన్నెండేళ్లుగా అతని చెయ్యి తప్పింది చాలా తక్కువ. ఆ సంగతి అందరికన్నా అతనికే ఎక్కువ తెలుసు, అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ మధ్యాహ్నం అతను ఒక డెయిరీ షెడ్డులో ఉన్నాడు. ఎర్రావు ఒకటి పొద్దుట్నుంచీ అరుస్తోంది. తోక కింద గుడ్డు తెల్లసొనలాంటి తీగ, తెగకుండా వేలాడుతోంది. "ఇదీ ఎదంటే" అనుకుంటూ అతను క్యాను మూత తీశాడు. తెల్లటి పొగ పైకి లేచింది. పటకారుతో గడ్డకట్టిన వీర్యమున్న సన్నటి స్ట్రా ఒకటి అందుకుని, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కులో అర నిమిషం ఉంచి, తుడిచి, గన్నులోకి ఎక్కించాడు. ఎడమ చెయ్యి భుజం దాకా తొడుగు వేసుకుని లోపలికి పెట్టి, గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుని, కుడి చేత్తో గన్నును నెమ్మదిగా దాటించాడు. ఆవు ఒకసారి కాళ్లు కదిపి ఊరుకుంది.

డెయిరీ యజమానురాలు యాభై దాటిన మనిషి, నోరు మంచిదే కాని ఆగదు. పక్కన కట్టేసి ఉన్న నల్లావును చూపించి అడిగింది.

"రేపట్నుంచి మీరు పది రోజులు క్యాంపుకి పోతారంటగా. ఇది ఇంకో మూడు నాలుగు రోజుల్లో ఎదకొచ్చేలా ఉంది. పనిలో పని దీనికి కూడా ఇవాళే వేసేసి పోండి."

"ఎదకి రాకుండానా?"

"వేసింది లోపలే ఉంటుందిగా! అది ఎదకొచ్చినప్పుడు పనికొస్తుంది."

సూది డాక్టరుకు నవ్వాగలేదు. "దాచిపెట్టుకోడానికి అదేమన్నా పచ్చడి జాడీనా అమ్మా? లోపలికెళ్లాక దాని ఆయుష్షు ఒక్కరోజు. అండం వచ్చేసరికి ఇది చచ్చి ఉంటుంది. అందుకేగా పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున అని మేం చచ్చీచెడీ పరిగెత్తేది."

"ఏమో బాబూ, మీ లెక్కలు మీవి" అందామె. తనకు తెలియని సంగతిని ఆమె అక్కడితో వదిలేసింది. ఆ పాటి వివేకం ఆరోజు సూది డాక్టరుకు కూడా ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

ఆవుల విషయంలో అతను చెప్పింది అక్షరాలా నిజం. గడ్డకట్టించి, కరిగించి వేసిన ఆబోతు వీర్యం అంతకు మించి నిలవదు. కాని అతను ఆ లెక్కను కొట్టంలోనే వదిలి రాలేదు. ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

ఇంట్లో చిట్టి ఉంది. ముప్పై ఏళ్లు దాటినా, పెళ్లయి పదేళ్లయినా, కూతురు ఒకటో తరగతికి వచ్చినా అందరికీ ఆమె చిట్టే. ఆ కూతురు పుట్టినప్పుడే ఆమె గుండె జబ్బు బయటపడింది. చిన్నప్పుడెప్పుడో వచ్చి పోయిన కీళ్ల జ్వరం గుండెలో ఒక కవాటాన్ని గట్టిపరిచి ఇరుకు చేసిందట. కాన్పు బల్ల మీద ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆమె చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ఆ తర్వాత బెలూనుతో కవాటాన్ని వెడల్పు చేశారు. ఈమధ్య అది మళ్లీ ఇరుకైంది. ఆపరేషను చేసి కవాటం మార్చాలి, వరుసలో పేరుంది, పిలుపు రావాలి. అందాకా రక్తం పలచన చేసే మాత్రలు వాడుతోంది. మేడ మీది తమ వాటాకు మెట్లెక్కుతూ మధ్యలో ఒకసారి ఆగుతుంది.

గుండె డాక్టరు మొగుడూ పెళ్లాలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. "గర్భం వస్తే ఒంట్లో రక్తం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఈ ఇరుకు దారిలోంచి అంత రక్తం పోలేదు. వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఈసారి నేను మాటివ్వలేను." ఇంతకన్నా విడమరిచి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అప్పుడు చిట్టి బల్ల కింద సూది డాక్టరు చెయ్యి పట్టుకుంది.

లూప్ వేయించారు గాని, పలచటి రక్తం వల్ల ఆమెకు నెలనెలా విపరీతంగా పోయింది, తీసేశారు. భర్తే ఆపరేషన్ చేయించుకుంటే సగం రోజు పని, దిగులుండదు అన్నారు. అతను సరేనన్నాడు. ఎండలు పోనీ అన్నాడు, వానలు పోనీ అన్నాడు. వెయ్యి పశువుల కడుపు పండించినవాడు తన మటుకు కత్తెర వేయించుకున్నాడంటే రైతులు ఏమనుకుంటారోనని లోలోపల జంకు. ఆ మాట పైకి అనకుండా "నేను చూసుకుంటాలే" అన్నాడు. తొడుగులు కొన్నాళ్లు వాడాడు, విసుక్కున్నాడు. ఆ తర్వాత ఒక పద్ధతి కనిపెట్టాడు.

చిట్టి అక్క మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడ అండం విడుదలను పసిగట్టే పట్టీలు దొరుకుతాయి. రోజూ మూత్రంలో ముంచి చూస్తే, అండం విడుదలకు ఒక రోజో ఒకటిన్నర రోజో ముందు రెండో గీత ముదురుగా వస్తుంది. సూది డాక్టరుకు అది ఆవు అరుపులా తోచింది. గీత వచ్చిందంటే ఎద వచ్చినట్టు. గీత వచ్చిన నాటి నుంచి నాలుగు రోజులు దూరంగా ఉంటే చాలు. అంతకుముందు ఏం జరిగినా ఒక్కరోజులో చచ్చిపోయే సరుకేగా!

"మరిదీ, ఇవి పిల్లలు కావాలనుకునేవాళ్లు కొనేవి. వద్దనుకునేవాళ్లకి కాదు. అట్టపెట్టె మీదే రాసుంది" అని వదిన ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"పెట్టె మీద రాసేవాళ్లకి పన్నెండేళ్ల అనుభవం ఉందా వదినా?" అన్నాడు నవ్వుతూ.

ఆరేడు నెలలు ఏమీ కాలేదు. అదృష్టం కలిసొచ్చిన ప్రతి నెలా అతను దాన్ని తన తెలివి ఖాతాలో వేసుకున్నాడు.

క్యాంపుకు వెళ్లేముందు రాత్రి కూతుర్ని పడుకోబెట్టి చిట్టి అతని పక్కన చేరింది. కాసేపు మాట్లాడుకున్నారు. అతను దగ్గరికి తీసుకున్నప్పుడు ఆమె చేత్తో కొంచెం ఆపింది.

"పొద్దున గీత రాలేదు గాని... తెల్లసొనలా అవుతోందండీ నిన్నట్నుంచీ. అట్లా ఉంటే మీ ఆవులకి ఎదంటారుగా."

"మనిషికీ పశువుకీ తేడా లేదేమే?" అన్నాడతను. "గీత వస్తే చెప్పు."

ఇక్కడ మాత్రం అతనికి తేడా గుర్తొచ్చింది! తనకు అనుకూలమైన చోట పశువు లెక్క, అడ్డమొచ్చిన చోట మనిషి లెక్క. చిట్టి ఆపిన చెయ్యి తీసేసింది. చుట్టుపక్కలంతా నమ్మే మనిషిని కట్టుకున్న ఆడది, తాను మాత్రం నమ్మకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు అతను వెళ్లిపోయాడు. క్యాంపు మూడో రోజున ఫోన్ చేసింది. "గీత వచ్చిందండీ, ముదురుగా. అన్నట్టు నీళ్ల మోటారు కాలిపోయింది. మెకానిక్ వచ్చి విప్పాడు, రేపు మళ్లీ వస్తానన్నాడు."

"గీతొస్తే రానీ, నేనిక్కడున్నాగా. ఇంకేం భయం" అని నవ్వాడతను. మెకానిక్ మాట అప్పుడు అతని చెవిలో పడింది గాని మనసులో పడలేదు.

తిరిగొచ్చాక రోజులు మామూలుగా గడిచాయి. ఆమెకు నెల రావలసిన రోజు వచ్చింది, వెళ్లింది. మరో వారం గడిచింది. అదే ఆవు అయితే, తిరిగి ఎదకు రాలేదనగానే "చూడి నిలిచింది, సందేహం లేదు" అని రైతు భుజం తట్టి వచ్చేసేవాడు. ఇంట్లో మాత్రం "మాత్రల వల్ల అయ్యుంటుంది" అన్నాడు. చిట్టి అతని మాట మీద ఆగకుండా అక్క దగ్గర్నుంచి ఇంకో రకం పట్టీ తెప్పించుకుంది. స్నానాల గదిలోంచి బయటకు వచ్చినప్పుడు ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"ఏమండీ, నిలిచింది" అంది. గోడ పట్టుకుని నిలబడింది. "రేపే వెళ్దాం. ఆలస్యం చెయ్యొద్దని గుండె డాక్టరు అప్పుడే చెప్పాడుగా."

సూది డాక్టరు పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. మొదట భయం వేసింది, ఆ మాట అబద్ధం కాదు. కాన్పు బల్ల మీద ఆమె నోట్లోంచి వచ్చిన నురుగు కళ్లముందు మెదిలింది. కాని ఆ భయం వెనకే ఇంకొకటి చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చుంది. గీత వచ్చిన రోజు తానెక్కడున్నాడు? గీత తర్వాతేగా అండం. అప్పటికి తాను ఇల్లు వదిలి మూడు రోజులు దాటింది. తనది ఎప్పుడో చచ్చి ఉండాలి. మరి ఇది ఎక్కడ్నుంచి వచ్చినట్టు?

"చూద్దాంలే" అన్నాడు.

"చూడ్డానికేముందండీ?"

"చూద్దామన్నానుగా. ఈ వారం ఖాళీ లేదు."

అంతే అన్నాడు. పట్టీని చెత్తబుట్టలో వేసి, క్యానులో నైట్రోజన్ ఎంతుందో చూసుకోవడానికి కిందకు వెళ్లాడు. చిట్టి అతని వీపు వైపు చూస్తూ అలాగే నిలబడింది. పదేళ్ల కాపురంలో మారని మొగుడి ముఖం ఈ ఒక్క నిమిషంలో మారింది. ఎందుకో ఆమెకు అందలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఈ వారం మరుసటి వారమైంది, అది ఇంకో వారమైంది. అడిగినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం. చిట్టి ఒంటరిగా వెళ్లలేదా అంటే, వెళ్లగలదు. కాని ఆ ఇంట్లో ఆసుపత్రి వ్యవహారమంతా మొదట్నుంచీ అతనిదే. రిపోర్టులు, తారీఖులు, మందులు అన్నీ అతను చూసేవాడు, ఆమె వెంట నడిచేది. పైగా ఈసారి అతని ముఖం చూస్తే ఆమెకు అడుగు ముందుకు పడలేదు. అక్కకు చెబుదామనుకుని, మొగుడి మీద చెప్పినట్టవుతుందేమోనని ఊరుకుంది.

అతను మాత్రం ఊరుకోలేదు. లెక్క వేస్తూనే ఉన్నాడు. కొట్టాల్లో పని చేస్తూ లెక్క, దారిలో బండి మీద లెక్క. ఎన్నిసార్లు వేసినా అదే జవాబు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా అడిగాడు.

"ఆ మోటారు మెకానిక్ ఎన్నిసార్లొచ్చాడు?"

"రెండుసార్లు. ఎందుకండీ?"

"ఎంతసేపున్నాడు?"

"మొదటిరోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. బేరింగు దొరకలేదుగా. మళ్లీ పాడైందా మోటారు?"

"లేదు" అన్నాడు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మరో రోజు దారి మార్చుకుని మెకానిక్ షాపు ముందునుంచి వెళ్లాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జారి, కాలిన తీగచుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆ ముసలాణ్ణి చూసినప్పుడైనా అతనికి బుద్ధి రావాల్సింది. రాలేదు. "వయసుతో పనేముంది, తొమ్మిదేళ్ల ఆబోతు కూడా..." అనుకున్నాడు. అనుమానం పట్టినవాడికి కనిపించిందల్లా సాక్ష్యమే.

ఈలోగా చిట్టి ఒంట్లో వేరే లెక్క నడుస్తోంది. మెట్ల మధ్యలో ఒకసారి ఆగేది, ఇప్పుడు మూడుసార్లు ఆగుతోంది. పడుకుంటే దగ్గు తెర వస్తోంది. ఒక దిండు రెండయింది, రెండు మూడయ్యాయి. చివరికి గోడకు ఆనుకుని కూర్చుని కునుకు తీయడం మొదలుపెట్టింది. పక్కన పడుకున్న మనిషికి అది వినిపించదా? వినిపించింది. తప్పు చేసిన మనిషికి నిద్ర ఎలా పడుతుందిలే అనుకుని అటు తిరిగి పడుకున్నాడు. రోగమున్న పశువు దూరం నుంచి నడిచొస్తుంటేనే పోల్చగల మనిషి అతను. ఎదుట కూర్చుని ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్న పెళ్లాం కనపడలేదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అలా ఒక నెల దాటిపోయింది. ఒక ఆదివారం పొద్దున కూతురు వీధిలో ఆడుకుంటోంది. చిట్టి బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్లి, ఒక్క చొక్కా ఆరేసి, రెయిలింగు పట్టుకుని అలాగే కిందకు జారి కూర్చుంది. సూది డాక్టరు గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ నాలుక చివర ఆగిన మాట అప్పుడు బయటకు వచ్చింది.

"ఎవరిది?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. చొక్కా గురించి అడుగుతున్నాడనుకుని దాని వంక చూసింది. తర్వాత అతని ముఖం చూసింది, అర్థమైంది. ఏడవలేదు, అరవలేదు. అరవడానికి ఊపిరి లేదు.

"అక్కకి... ఫోన్ చెయ్యండి" అంది. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "మీరు... తీసుకెళ్లరు."

దగ్గు వచ్చింది. అరచేత్తో నోరు మూసుకుంది. చెయ్యి తీసినప్పుడు వేళ్ల మధ్య గులాబీ రంగు నురుగు ఉంది.

అది అతను ఇంతకుముందు ఒకసారి చూశాడు. ఎక్కడ చూశాడో వెంటనే గుర్తొచ్చింది. నెల పైగా మోసిన లెక్కంతా వదిలేసి ఆమెను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగాడు.

ఆసుపత్రిలో ఆమెను చక్రాల మంచం మీద లోపలికి తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టారు, సూదులిచ్చారు. వదిన షాపులో చెప్పి వచ్చింది, ఏడుస్తున్న చిట్టి కూతుర్ని పక్కింటివాళ్ల దగ్గర దింపి. లోపలికి వెళ్లి చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నానికి చిట్టి దగ్గు కొంచెం సర్దుకుంది. స్కాను తీశారు. ఆ తర్వాత స్త్రీల వైద్యురాలు సూది డాక్టర్ని తన గదిలోకి పిలిచింది. ఆమె పెద్దావిడ, మాట మెత్తన, చూపు సూటి.

"పదో వారం దాటింది. మీకు ఎప్పుడు తెలిసింది?"

ఆ ప్రశ్నను అతను పక్కకు నెట్టాడు. తన ప్రశ్న తాను అడిగాడు. చెల్లెలి రిపోర్టులు ఇవ్వడానికి వదిన అక్కడికి వచ్చిందని కూడా చూసుకోలేదు.

"డాక్టరమ్మా, ఒక సంగతి చెప్పండి. అండం పట్టీ మీద గీత వచ్చిన రోజు నేను ఊళ్లో లేను. మూడు రోజుల ముందే వెళ్లిపోయా. అండం ఆ మర్నాడే అనుకున్నా, అప్పటికి నాది బతికుండే వీలు లేదు. నేను పశువుల్లో చేసేది ఇదే పని. ఒక్కరోజు. మహా అయితే ఒక్కరోజు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. అతను ఏం అడుగుతున్నాడో, ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది.

"మీరు వాడేది గడ్డకట్టించి కరిగించిన వీర్యం. దాని శక్తి సగం అక్కడే పోతుంది. అయినా ఆవు ఆవే, మనిషి మనిషే. వెళ్లేముందు రోజు కలిశారా?"

"కలిశాం."

"అప్పటికి ఆవిడకి తెల్లసొనలాంటి తడి మొదలైందా?"

"అయిందని... చెప్పింది."

"మామూలు రోజుల్లో యోని లోపలి పులుపుకి వీర్యకణాలు కొన్ని గంటల్లోనే చచ్చిపోతాయి. కాని అండం విడుదలకి కొద్దిరోజుల ముందు గర్భాశయ ముఖద్వారంలో ఆ తడి ఊరుతుంది. అది వాటిని ఆ పులుపునుంచి కాపాడుతుంది, దారి ఇస్తుంది. ముఖద్వారం గోడల్లో సన్నటి ముడతలుంటాయి. కొన్ని వాటిలో ఆగి, కొన్ని కొన్నిగా పైకి పోతుంటాయి. అలా మూడు రోజులు బతకడం మామూలే. ఐదు రోజుల దాకా కూడా బతుకుతాయి. అండం ఆయుష్షే ఒక్కరోజు, లోపు కూడా. అది బయటికి వచ్చేసరికి మీవి అప్పటికే అక్కడ ఎదురుచూస్తూ ఉన్నాయి."

"మరి ఆ గీత..."

"గీత అండం రాబోతోందని ఒక రోజు ముందు చెబుతుంది. అంతకు ముందే లోపలికి వెళ్లినవాటిని అదేం చేస్తుంది? గీత చూసి ఆగడమంటే ఇంట్లో దూరినవాణ్ణి లోపలే ఉంచి తలుపు తాళం వేయడం. పిల్లలు కావాలనుకునేవాళ్లకి మేమే చెబుతాం, అండం విడుదలకి ముందు రోజుల్లో కలవమని. గర్భం ఎక్కువగా నిలిచేది ఆ రోజుల్లోనే." ఆమె స్కాను కాగితం అతని వైపు తిప్పింది. "ఈ కొలతలు మీరు చెప్పిన రోజులకి సరిపోతున్నాయి. మీరు ఇంట్లో లేని రోజున గర్భం నిలవడంలో వింతేం లేదు. మీరు ఊరు వదిలాక కూడా మీవి ఆవిడ ఒంట్లో బతికే ఉన్నాయి."

గది తలుపు దగ్గర వదిన చేతిలోంచి రిపోర్టుల కవరు జారి కింద పడింది. ఆమె దాన్ని తీయలేదు. మరిది ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నువ్వు దాన్ని ఆ మాట అడిగావా?" అంది. మామూలుగా మీరు అనే మనిషి.

అతనికి తల ఎత్తాలనిపించలేదు. సిగ్గు అనే మాట చాలదు. తన చేతులు చూసుకున్నాడు. ఎంతోమంది ఇళ్లలో అడగకుండానే నమ్మిన చేతులు అవి. ఆ నమ్మకాన్నే పెళ్లాం మీదికి రాయిలా విసిరాడు. ఆమె ఏ తప్పూ చేయలేదు. తడి మొదలైందని చెప్పింది, గీత వచ్చిందని చెప్పింది, నిలిచిందని చెప్పింది. ప్రతిసారీ నిజమే చెప్పింది.

"ఇప్పుడేం చేస్తారు?" అని అడిగాడు.

"ముందు ఊపిరితిత్తుల్లో నీరు తగ్గాలి. ఆ తర్వాత గర్భం తీసేయాలి. ఆవిడ ఒప్పుకున్నారు. ఆపరేషన్ గదిలో గుండె డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ఉంటారు. అయినా నేను ధైర్యం చెప్పలేను. రక్తం పలచబడి ఉంది, గుండె అలిసిపోయి ఉంది." ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "నెల తప్పగానే వచ్చుంటే ఇది చిన్న పని. అప్పుడు ఆవిడ నడిచి వచ్చి నడిచి వెళ్లేవారు. అందుకే అడిగాను, మీకు ఎప్పుడు తెలిసిందని."

సూది డాక్టరు లేచి నడవాలోకి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం చిట్టిని ఆపరేషన్ గదికి తీసుకెళ్తామన్నారు. అప్పటిదాకా అతను ఆ నడవాలోనే ఉన్నాడు. ఫోన్లు వచ్చాయి, ఎవరి ఆవో ఎదకొచ్చిందని. ఎత్తలేదు. మనసులో వంద రకాలుగా మాటలు పేర్చుకున్నాడు. కాళ్ల మీద పడతాననుకున్నాడు. రేపే వెళ్లి ఇన్నాళ్లూ వాయిదా వేసిన ఆ ఆపరేషన్ చేయించుకుంటాననుకున్నాడు, ఆ రేపటికి ఇక అర్థమేముందో ఆలోచించకుండా. పొరపాటు పడ్డాను, లెక్క తప్పాను అంటే ఆమె అర్థం చేసుకుంటుందనుకున్నాడు. నిజంగా లెక్కేగా తప్పింది! తెలియక చేశాడు. తెలిసి ఉంటే చేసేవాడా?

చక్రాల మంచం బయటకు వచ్చింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, చేతికి సెలైన్. ముఖం ఉబ్బి, కళ్ల కింద నలుపు. పక్కన వదిన ఒక చెయ్యి పట్టుకుని నడుస్తోంది. సూది డాక్టరు ఎదురెళ్లి మంచం కమ్మీ పట్టుకున్నాడు. తోస్తున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగారు.

"చిట్టీ, నాదేనే. డాక్టరమ్మ చెప్పింది. నాకు తెలీలేదు. నేను లెక్క తప్పాను."

ఆమె అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని అతను సిద్ధపడి వచ్చాడు. అందులో కోపం లేదు. ఏదో తేల్చుకోవలసింది ఒక్కటే మిగిలినట్టు చూసింది.

"ఒక్కటి అడుగుతా" అంది మెల్లగా. "నన్ను అనుమానించింది ఎప్పట్నుంచి? ఆ పట్టీ చూపించిన రోజు నుంచేనా?"

అబద్ధం చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. ఇన్నాళ్లకు ఇదొక్కటైనా నిజం చెబుదామనుకున్నాడు. "ఆ... ఆ రోజు నుంచే."

"కడుపుందని తెలుసు. ఉంటే నా గుండె ఆగిపోతుందని తెలుసు. పక్కనే పడుకుని నా దగ్గు విన్నారు." ఆమె ఊపిరి కోసం ఆగింది. వదిన ఆమె నుదురు తుడిచింది. "ఇంకొకరిదైతే నేను చచ్చినా ఫర్వాలేదనేగా ఆగారు."

మంచం కదిలింది. అతని వేళ్లు కమ్మీ మీదనుంచి జారాయి. ఆపరేషన్ గది తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. వదిన బయట బెంచీ మీద కూర్చుని అతని వైపు చూడకుండా ముఖం తిప్పుకుంది. కాదు అని అరుస్తూ వాళ్ల వెనకాల పరిగెత్తాల్సింది. అతను పరిగెత్తలేదు, ఎందుకంటే ఆ మాట నిజం.